పాత రీడింగ్ కనబడని బిల్లులో యూనిట్లు ఎట్లా లెక్కగట్టాలి?
గృహజ్యోతి లబ్ధిదారుల కోసం

ప్రజావాణికి వచ్చే కరెంటు బిల్లు అర్జీల్లో చాలావాటికి రెండు ఫోటోలు జతగా ఉంటాయి. ఒకటి మీటర్ ఫోటో, రెండోది బిల్లు ఫోటో. వాటిని చూపించి అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈ నెల మాకు రెండొందల లోపే కాలింది కదా, జీరో బిల్లు ఎందుకు రాలేదు?" తీరా ఫోటో పెద్దది చేసి చూస్తే, బిల్లు మీద పోయిన నెల రీడింగ్ ఉండాల్సిన చోట అక్షరాలు కనిపించవు. కాగితం మడత పడి ఉంటుంది, లేదా ప్రింటు వెలిసిపోయి ఉంటుంది, లేదా ఫోటో తీసేటప్పుడు ఆ వరుస పైన తెగిపోయి ఉంటుంది.

పాత రీడింగ్ లేకుండా ఎన్ని యూనిట్లు కాలాయో తేల్చవచ్చా? చాలాసార్లు తేల్చవచ్చు. అదే బిల్లులో మిగతా చోట్ల ఉన్న అంకెలతోనే వెనక్కి లెక్క కట్టుకోవచ్చు. ఆ పద్ధతిని ఇక్కడ ఒక ఉదాహరణతో చెబుతున్నాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని మీ బిల్లును పక్కన ఉంచుకొని చదవండి.

మీటర్ ఫోటో ఒక్కటి చాలదు

మీటర్ మీద కనిపించే అంకె ఈ నెల వాడకం కాదు. ఆ మీటర్ బిగించిన రోజు నుంచి ఇప్పటిదాకా మీ ఇంట్లో కాలిన మొత్తం యూనిట్లు. బండి మీద కిలోమీటర్ల ముల్లు లాగానే అది ఎప్పుడూ ముందుకే పోతుంది, నెల మారిందని సున్నాకు రాదు. అందుకే "మీటర్‌లో 6489 ఉంది, బిల్లులో 210 యూనిట్లు ఎట్లా వేశారు?" అని అడిగితే జవాబు ఉండదు. రెండు రోజుల రీడింగులు ఉండాలి. కొత్త దాంట్లోంచి పాతది తీసేస్తే మిగిలేదే ఆ మధ్యకాలంలో కాలిన యూనిట్లు. ఇంటి మీటర్లకు గుణకం, అంటే బిల్లులో ఎంఎఫ్ అని ఉండేది, మామూలుగా 1 ఉంటుంది కాబట్టి తీసివేత ఒక్కటే చాలు.

ఫోటో తీసేటప్పుడు ఒక జాగ్రత్త. డిజిటల్ మీటర్ తెర మీద అంకెలు కొన్ని సెకన్లకోసారి మారుతుంటాయి. తేదీ వస్తుంది, సమయం వస్తుంది, వోల్టేజీ వస్తుంది, గరిష్ఠ లోడు వస్తుంది. మనకు కావలసింది పక్కన kWh అని ఉన్న అంకె. కొన్ని మీటర్లలో kVAh అని ఇంకో అంకె కూడా వస్తుంది. చూడటానికి రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, కాని ఇంటి బిల్లు వేసేది kWh మీదనే. 231.4 అనే వోల్టేజీ అంకెను ఫోటో తీసుకొచ్చి "ఇదే మా రీడింగ్" అన్నవాళ్లూ ఉన్నారు. kWh అనే అక్షరాలు కూడా ఫోటోలో పడేదాకా ఆగి తీయండి. మీటర్ నంబరు కూడా అదే ఫోటోలో వస్తే మరీ మంచిది. ఆ మీటర్ మీ ఇంటిదేనని ఎవరూ అనుమానించరు.

ఇంకొకటి, చుక్క తర్వాత వచ్చే అంకె. పాత తిరిగే అంకెల మీటర్లలో చివరి అంకె ఎర్రగా ఉంటుంది, అది యూనిట్‌లో పదో వంతు. డిజిటల్ తెర మీద చుక్క చిన్నగా ఉండి ఫోటోలో మాయమవుతుంది. 6489.4 అన్నది 64894 లాగా కనిపిస్తుంది. బిల్లు మీది రీడింగుకు నాలుగంకెలుండి మీ ఫోటోలో అయిదు కనిపిస్తే, ముందు ఈ చుక్క సంగతి చూసుకోండి.

ఉదాహరణ: వెలిసిపోయిన వరుస

ఒక ఇంటి బిల్లు తీసుకుందాం. ఆగస్టు 5న రీడింగ్ తీశారు. జీరో బిల్లు వస్తుందని చూస్తే డబ్బులు కట్టమని వచ్చింది. ఇంటావిడ బిల్లును ఫ్రిజ్ మీద పెట్టింది, రెండు రోజులు ఎండ పడింది. బిల్లు మిషన్‌లో వాడేది వేడికి నల్లబడే కాగితం. ఎండా, చెమట తగిలితే ప్రింటు పోతుంది. పాత రీడింగ్ వరుస, యూనిట్ల వరుస రెండూ పోయాయి. ఫోటోలో చదవడానికి వీలైనవి ఇవి మాత్రమే: ఇప్పటి రీడింగ్ 6482, తేదీ ఆగస్టు 5, ఎనర్జీ చార్జీలు రూ. 1,097.00, ఎలక్ట్రిసిటీ డ్యూటీ రూ. 12.60.

ముందు చిన్న దాంతో మొదలుపెడదాం. ఎలక్ట్రిసిటీ డ్యూటీ, బిల్లు మీద ఈడీ అని ఉంటుంది, యూనిట్‌కు 6 పైసలు. ఎంత వాడినా అంతే, స్లాబును బట్టి మారదు. అందుకే దీన్ని వెనక్కి తిప్పడం తేలిక. 12.60 రూపాయలంటే 1,260 పైసలు. దాన్ని 6 తో భాగిస్తే 210. అంటే బిల్లు వేసింది 210 యూనిట్లకు.

ఒక్క అంకెను నమ్మి కూర్చోకుండా ఎనర్జీ చార్జీతో సరిచూసుకోవాలి. ఫోటోలో 12.60 అనుకున్నది 12.00 అయితే యూనిట్లు 200 అవుతాయి, కథే మారిపోతుంది.

ఎనర్జీ చార్జీ నుంచి వెనక్కి

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న గృహ వినియోగ రేట్లను ఇక్కడ తీసుకుంటున్నాం. నెల వాడకం మొత్తం 100 యూనిట్ల లోపు ఉంటే మొదటి 50 కి రూ. 1.95, ఆ తర్వాత 50 కి రూ. 3.10. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 కి రూ. 3.40, మిగతా వాటికి రూ. 4.80. వాడకం 200 దాటితే మొదటి 200 కి రూ. 5.10, 201 నుంచి 300 దాకా రూ. 7.70. ఆ పైన ఇంకా స్లాబులున్నాయి కాని మన లెక్కకు ఇవి చాలు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఉంది. 100 దాటగానే, 200 దాటగానే, పై యూనిట్ల రేటు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచి రేటు మారిపోతుంది. కాబట్టి ఎనర్జీ చార్జీ మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా పైకి పోతుంది. 100 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ. 252.50. 101 కి రూ. 344.80. ఈ రెండింటి మధ్య మొత్తం ఏ ఇంటి బిల్లులోనూ రాదు. అట్లాగే 200 యూనిట్లకు రూ. 820, 201 కి రూ. 1,027.70. మధ్యలో ఏమీ ఉండదు.

ఇది మనకు లాభమే. ఎనర్జీ చార్జీ చూడగానే బిల్లు ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుంది. రూ. 252.50 గాని అంతకు తక్కువ గాని ఉంటే 100 లోపు. రూ. 344.80 నుంచి రూ. 820 మధ్య ఉంటే 200 లోపు. రూ. 1,027.70 గాని, ఆ పైన గాని ఉంటే 200 దాటింది. ఖాళీ జాగాలో, ఉదాహరణకు రూ. 900, కనిపిస్తే అంకెను మనం తప్పు చదివినట్టు, లేదా అది ఒక నెల బిల్లు కానట్టు.

మన ఉదాహరణలో రూ. 1,097. అంటే 200 దాటింది. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున రూ. 1,020. మిగిలింది రూ. 77. దాన్ని 7.70 తో భాగిస్తే 10. మొత్తం 210 యూనిట్లు. ఈడీ చెప్పిందీ అదే, ఎనర్జీ చార్జీ చెప్పిందీ అదే. రెండూ కలిశాయి కాబట్టి బిల్లు 210 కే వేశారని ఖాయం.

మీ బిల్లు మధ్య మెట్టు మీద ఉంటే, అంటే ఎనర్జీ చార్జీ రూ. 628 అనుకోండి, అందులోంచి మొదటి వంద యూనిట్ల రూ. 340 తీసేయండి. మిగిలిన రూ. 288 ని 4.80 తో భాగిస్తే 60. మొత్తం 160 యూనిట్లు. ఈడీ రూ. 9.60 ఉండాలి. జీరో బిల్లులో కూడా ముందు ఈ చార్జీలన్నీ చూపించి, తర్వాత సబ్సిడీగా తీసేస్తారు. కాబట్టి కట్టాల్సింది సున్నా అయినా ఈ లెక్క కట్టుకోవచ్చు.

భాగిస్తే పూర్ణాంకం రావాలి. 59.3 లాగా వస్తే మీరు తీసుకున్నది ఎనర్జీ చార్జీ కాదని అర్థం. ఎక్కువ మంది బిల్లు చివర ఉండే మొత్తాన్ని తీసుకుంటారు. అందులో ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, పాత బకాయి, ఒక్కోసారి ఏసీడీ అనే అదనపు డిపాజిట్ కలిసి ఉంటాయి. ఫోన్‌లో కట్టినప్పుడు వచ్చే మెసేజ్‌లో ఉండేదీ ఆ మొత్తమే. దాంతో యూనిట్లు తేల్చబోతే అంచనాయే తప్ప రుజువు కాదు.

పాత రీడింగ్ ఇప్పుడు దొరుకుతుంది

ఇప్పటి రీడింగ్ 6482. యూనిట్లు 210. తీసేస్తే 6272. కనబడకుండా పోయిన పాత రీడింగ్ ఇదే. ఇది బిల్లు ప్రకారం రావాల్సిన అంకె అని గుర్తుపెట్టుకోండి. పోయిన నెల మీటర్ మీద నిజంగా ఇదే ఉందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు జులై బిల్లులో ఉంటుంది. జులై బిల్లు మీద "ప్రెజెంట్" కింద ఉన్న రీడింగే ఆగస్టు బిల్లులో "ప్రీవియస్" కావాలి. రెండూ ఒకటే అయితే గొలుసు తెగలేదు. తేడా ఉంటే, ఆ తేడా యూనిట్లను మీ మీద రెండోసారి వేసినట్టు, లేదా వేయకుండా వదిలేసినట్టు.

జులై కాగితం దొరక్కపోతే ఇంట్లో పిల్లల ఫోన్లు వెతకండి. బిల్లు కట్టమని ఎవరికో వాట్సాప్ చేసి ఉంటారు. అదీ లేకపోతే మీ విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్లో గాని యాప్‌లో గాని బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు కొడితే పాత బిల్లుల వివరాలు వస్తాయి. హైదరాబాద్, దక్షిణ జిల్లాల వాళ్లకు టీజీఎస్‌పీడీసీఎల్, వరంగల్ వైపు ఉత్తర జిల్లాల వాళ్లకు టీజీఎన్‌పీడీసీఎల్. ఫోన్‌లో చేతకాకపోతే మీసేవలో గాని, మీ ప్రాంతపు ఈఆర్ఓ, అంటే బిల్లుల రెవెన్యూ కార్యాలయంలో గాని అడగండి.

మన ఉదాహరణలో కొడుకు ఫోన్‌లో జులై బిల్లు దొరికింది. అందులో రీడింగ్ 6272. లెక్కతో సరిపోయింది. దాంతోపాటు ఎవరూ అడగని ఇంకో సంగతి బయటపడింది. ఆ రీడింగ్ తీసిన తేదీ జులై 3.

రీడింగ్ తప్పా, రోజులు ఎక్కువా?

ఇప్పుడు అసలు అనుమానానికి వద్దాం. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా ఉచితం. 201 వచ్చిందంటే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, ఆ నెల మొత్తానికి బిల్లు కట్టాలి. ఈ ఇంటికి పది యూనిట్లు ఎక్కువ రావడం వల్ల ఎనర్జీ చార్జీ ఒక్కటే వెయ్యి దాటింది. కాబట్టి ఆ పది యూనిట్లు నిజమైనవేనా అని అడగడంలో తప్పు లేదు.

రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఆగస్టు 5న మీటర్ మీద ఉన్నదాని కన్నా ఎక్కువ రీడింగ్ వేశారు. మామూలుగా అయితే దీనివల్ల చివరికి నష్టం లేదనిపిస్తుంది, ఎందుకంటే ఈ నెల 30 ఎక్కువ వేస్తే వచ్చే నెల 30 తక్కువ వస్తుంది. మీటర్ తన దారిన తను పోతుంది కదా. కాని 200 గీత ఉన్నచోట ఆ మాట చెల్లదు. 180 కాలిన నెలలో 210 వేసి, మరుసటి నెల 150 వేస్తే, రెండు నెలల యూనిట్ల మొత్తం సరిపోతుంది, జేబులోంచి మాత్రం ఒక నెల బిల్లు పోతుంది.

దీన్ని తేల్చేది మీటర్ ఫోటో. ఆ ఇంట్లో ఆగస్టు 7న, బిల్లు వచ్చిన రెండో రోజే ఫోటో తీశారు. అందులో 6489.4 ఉంది. బిల్లు రీడింగ్ 6482 కన్నా అది ఏడు యూనిట్లు ఎక్కువ. రెండు రోజుల్లో ఏడు యూనిట్లంటే ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, కాసేపు మోటారు ఉన్న ఇంటికి నమ్మదగిన వాడకమే. నిజంగా ముప్పై యూనిట్లు ఎక్కువ వేసి ఉంటే 7వ తేదీన మీటర్ మీద 6460 దగ్గర కనిపించేది. బిల్లు మీద ఉన్న రీడింగ్ కన్నా మీటర్ వెనకబడి ఉండేది. అట్లా వెనకబడి ఉంటే ఇంకే రుజువూ అక్కర్లేదు, రీడింగ్ తప్పు.

అదే ఫోటో పక్షం రోజుల తర్వాత తీస్తే పనికిరాదు. ఆలోపు మీటర్ ఎట్లాగూ 6482 దాటిపోతుంది, తప్పు ఉన్నా కప్పుకుపోతుంది. బిల్లు చేతికొచ్చిన రోజే, కుదిరితే రీడింగ్ తీసే మనిషి గుమ్మంలో ఉండగానే ఫోటో తీయండి.

ఇక రెండో అవకాశం రోజులు. జులై 3 నుంచి ఆగస్టు 5 దాకా 33 రోజులు. 210 యూనిట్లను 33 తో భాగిస్తే రోజుకు 6.36. దాన్ని 30 రోజులకు పెంచితే దాదాపు 191. అంటే ఈ ఇంటి వాడకం నెల లెక్కన 200 లోపే ఉంది. రీడింగ్ తీయడానికి మూడు రోజులు ఆలస్యం కావడంతో బిల్లు గీత దాటింది. మీటర్ తప్పు లేదు, రీడింగ్ తప్పు లేదు, తేదీ జరిగింది.

ఈ సంగతి తెలియకుండా "మీటర్ జోరుగా తిరుగుతోంది" అని అర్జీ పెడితే ఏం జరుగుతుంది? మీటర్ పరీక్ష చేస్తారు, బాగానే ఉందని తేలుతుంది, అర్జీ మూసేస్తారు. సరైన ఫిర్యాదు వేరే ఉంది. "33 రోజుల వాడకాన్ని ఒక నెలగా లెక్కించారు, 30 రోజులకు చూస్తే 200 లోపు ఉంది, పరిశీలించండి" అని అడగాలి. తగ్గించాలా వద్దా అన్న నిర్ణయం విద్యుత్ సంస్థదే. కాని తేదీలు, రీడింగులు రాసి ఉన్న అర్జీని మీటర్ బాగుందన్న ఒక్క మాటతో పక్కన పెట్టలేరు.

రోజుల లెక్క ఇటువైపూ ఉంటుంది. 28 రోజులకే రీడింగ్ తీసి 195 వచ్చి జీరో బిల్లు వచ్చిందనుకోండి. తర్వాతి నెల 33 రోజులైతే గీత దాటే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ప్రతి బిల్లు మీద యూనిట్లతో పాటు తేదీలు కూడా చూడటం అలవాటు చేసుకోండి.

ఈ లెక్క పారని సందర్భాలు

తలుపు తాళం ఉన్న నెలలో రీడింగ్ తీయలేక సగటు వాడకం మీద బిల్లు వేస్తారు. ఆ బిల్లు మీది యూనిట్లు నిజంగా కాలినవి కావు. మరుసటిసారి అసలు రీడింగ్ తీసినప్పుడు రెండు నెలల వాడకం ఒకేసారి బయటికొస్తుంది. ఎనర్జీ చార్జీ మనం చెప్పుకున్న ఖాళీ జాగాలో పడిందంటే చాలావరకు ఇదే కారణం. అప్పుడు ఆ యూనిట్లను రెండు నెలలకు పంచి లెక్కించారా అని ఈఆర్ఓలో అడిగి తెలుసుకోవాలి. తాళం పడే ఇల్లయితే మీటర్ బయట, చేతికందే ఎత్తులో ఉండేట్టు మార్పించుకోవడం మేలు.

నెల మధ్యలో మీటర్ మారితే తీసివేత నేరుగా చేయకూడదు. కొత్త మీటర్ మీద 88 ఉందని, పాత రీడింగ్ 9874 అని తీసేస్తే లెక్క తలకిందులవుతుంది. రెండు ముక్కలుగా చేయాలి. పాత మీటర్ విప్పిన రోజు దాని మీద 9931 ఉందనుకుందాం. 9931 లోంచి 9874 తీస్తే 57. కొత్త మీటర్ బిగించిన రోజు దాని మీద 2 ఉంది, ఇప్పుడు 88 ఉంది, తేడా 86. రెండూ కలిపితే 143 యూనిట్లు. ఇందులో పాత మీటర్ ఆఖరి అంకె పోతే తిరిగి చూసుకునే దారి మీకు ఉండదు, మీటర్ తీసుకెళ్లిపోతారు కాబట్టి. స్మార్ట్ మీటరైనా, ఐఆర్ మీటరైనా, బిగించడానికి వచ్చినవాళ్లు పాతది విప్పకముందే దాని ఫోటో, కొత్తది బిగించగానే దాని ఫోటో తీసిపెట్టుకోండి. కరెంటు లేకపోతే తెర వెలగదు కాబట్టి విప్పిన తర్వాత తీద్దామంటే కుదరదు.

కిరాయి ఇళ్లలో ఇంకో చిక్కు. ఓనరు పెట్టిన సబ్ మీటర్ మీద రీడింగుకూ విద్యుత్ సంస్థ బిల్లుకూ సంబంధం లేదు. ఒకే సర్వీసు మీద రెండు వాటాలుంటే ఇద్దరి వాడకమూ కలిపే 200 చూస్తారు. ఇల్లు మారిన రోజు మెయిన్ మీటర్ ఫోటో తీసుకుంటే, అంతకు ముందున్నవాళ్ల యూనిట్లు మీ నెలలో కలిశాయా లేదా అన్నది తెలుస్తుంది. మీ రేషన్ కార్డుకు జత అయిన సర్వీసు నంబరు కొత్త ఇంటిదేనా అన్నది మండల పరిషత్ కార్యాలయంలోని గాని, మున్సిపల్ కార్యాలయంలోని గాని ప్రజాపాలన సేవా కేంద్రంలో సరిచూసుకోవాలి. యూనిట్లు వందే కాలినా నంబరు జత కాకపోతే జీరో బిల్లు రాదు, ఆ అర్జీకి ఈ లెక్కలేవీ అక్కరకు రావు.

అర్జీలో ఏం రాయాలి?

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. మన ఉదాహరణలోని ఇంటివాళ్లయితే ఇట్లా రాయొచ్చు:

"మా సర్వీసు నంబరు, యూఎస్‌సీ నంబరు ఇవి. జులై 3న రీడింగ్ 6272. ఆగస్టు 5న రీడింగ్ 6482. 33 రోజులకు 210 యూనిట్లు బిల్లు వేశారు. రోజు సగటు 6.36, ముప్పై రోజులకు 191 యూనిట్లు. రీడింగ్ ఆలస్యం కావడం వల్ల గృహజ్యోతి వర్తించలేదు. పరిశీలించి బిల్లు సవరించగలరు. జులై, ఆగస్టు బిల్లుల ప్రతులు, ఆగస్టు 7 నాటి మీటర్ ఫోటో జత చేశాం."

రీడింగే తప్పయితే, ఆఖరి మూడు వాక్యాలకు బదులు బిల్లు రీడింగ్ ఎంత, ఏ తేదీన మీటర్ ఫోటోలో ఎంత ఉంది అన్నవి పక్కపక్కన రాయండి. కోపం, బాధ వేరే కాగితం మీద పెట్టుకోవచ్చు. ఈ కాగితం మీద అంకెలూ తేదీలూ ఉంటే చాలు.

దీన్ని ఈఆర్ఓలో ఇచ్చి రసీదు తీసుకోండి. 1912 కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని తీర్పు నచ్చకపోతే హైదరాబాద్‌లోని విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫిర్యాదు ఇచ్చాం కదా అని బిల్లు గడువు తేదీని వదిలేయకండి. గడువులోపు ఏం కట్టాలో ఈఆర్ఓలోనే అడగండి. సవరణ జరిగితే ఎక్కువ కట్టిన సొమ్ము తర్వాతి బిల్లులో సర్దుబాటవుతుంది.

వేదికకు వెళ్లాల్సి వచ్చినా అక్కడ అడిగేవీ ఈ రెండు బిల్లులు, ఈ ఒక్క ఫోటోనే. బిల్లు చేతికి రాగానే, ప్రింటు నల్లగా ఉన్నప్పుడే, పై అంచు నుంచి కింది అంచు దాకా ఒకే ఫోటోలో పడేట్టు తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టండి.